ఇంటి వైఫై మీద 8 జీబీ వీడియో: దారి ఎక్కడ ఇరుకవుతుంది, ఎక్కడ తెగుతుంది

పెళ్లిలో ఫోనుతో తీసిన వీడియో 8 జీబీ ఉంది. దాన్ని అదే గదిలో బల్ల మీదున్న ల్యాప్‌టాప్‌లోకి తేవాలి. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపుదామంటే 2 జీబీ దగ్గరే హద్దు. మామూలు వీడియోగా పంపితే కుదించి పంపుతుంది, బొమ్మ నాణ్యత పోతుంది. క్లౌడ్‌లోకి ఎక్కించి దించుకుందామంటే, 40 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉన్న ఇంట్లో ఎక్కడానికి సుమారు 27 నిమిషాలు, మళ్లీ దిగడానికి ఇంకో 27 నిమిషాలు పడుతుంది. ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య దూరం నాలుగడుగులైనా ఫైలు మాత్రం ఎక్కడో ఉన్న డేటా సెంటర్ దాకా వెళ్లి తిరిగి రావాలి. రెండూ ఒకే వైఫైలో ఉన్నప్పుడు ఈ ప్రయాణం అవసరం లేదు.

ఇంట్లోని రౌటర్ రెండు పనులు చేస్తుంది. ఇంటిని బయటి ఇంటర్నెట్‌తో కలపడం ఒకటి, ఇంట్లోని పరికరాలను ఒకదానితో ఒకటి కలపడం రెండోది. ఫోను నుంచి ల్యాప్‌టాప్‌కు వెళ్లే ఫైలుకు ఈ రెండో పని చాలు. అందుకే ఆ సమయంలో వీధిలో ఫైబర్ తెగినా బదిలీ ఆగదు, నెలవారీ డేటా కోటాలో ఒక్క ఎంబీ కూడా తగ్గదు. ఇంటర్నెట్ ప్లాన్ 30 ఎంబీపీఎస్‌దైనా 300 ఎంబీపీఎస్‌దైనా బదిలీ వేగంలో తేడా రాదు. బదిలీ నత్తనడక నడుస్తోందని ప్లాన్ పెంచుకున్నవారికి ఫలితం కనిపించకపోవడానికి కారణం ఇదే. వేగాన్ని తేల్చేది ఫోనుకూ రౌటర్‌కూ, రౌటర్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య గాలిలో ఉన్న దారి.

ఐఫోను, మ్యాక్ రెండూ ఉన్నవారికి ఎయిర్‌డ్రాప్ ఉంది. ఆండ్రాయిడ్, విండోస్ ఉన్నవారికి గూగుల్ క్విక్ షేర్ ఉంది. ఇక్కడ ఉదాహరణకు తీసుకుంటున్నది LocalSend అనే యాప్. ఇది ఉచితం, దీని సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది, ఆండ్రాయిడ్, ఐఫోను, విండోస్, మ్యాక్, లినక్స్ అన్నింటిలో పనిచేస్తుంది, ఖాతా తెరవమని అడగదు. ఫోనులోనూ ల్యాప్‌టాప్‌లోనూ దీన్ని పెట్టుకుని రెండింటిలో తెరిస్తే ఒకదాని పేరు మరొకదానిలో కనిపిస్తుంది. ఫోనులో ఫైలు ఎంచుకుని ల్యాప్‌టాప్ పేరు మీద నొక్కి, ల్యాప్‌టాప్‌లో అంగీకరిస్తే బదిలీ మొదలవుతుంది. అన్నీ సవ్యంగా ఉంటే చేయాల్సింది ఇంతే. చాలా ఇళ్లలో చిక్కు మొదటి మెట్టులోనే వస్తుంది. యాప్ తెరుస్తారు, అవతలి పరికరం పేరు కనిపించదు, ఇది పనిచేయదనుకుని మూసేస్తారు.

పేరు కనిపించనంత మాత్రాన దారి లేదని కాదు. పరికరాలు ఒకదాన్నొకటి కనుక్కోవడం వేరు, ఒకదానితో ఒకటి మాట్లాడడం వేరు. కనుక్కోవడానికి యాప్ వైఫైలో ఉన్న అందరికీ వినబడేలా ఒక చిన్న సందేశం వదులుతుంది. ఇలాంటి బహిరంగ సందేశాలను కొన్ని రౌటర్లు సరిగా మోయవు. బ్యాటరీ పొదుపు కోసం కొన్ని ఫోన్లు వాటిని పట్టించుకోవు. అయినా ల్యాప్‌టాప్ చిరునామా తెలిస్తే ఫోను నేరుగా దాని తలుపు తట్టగలదు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి `ipconfig` అని కొడితే వైఫై విభాగంలో `IPv4 Address` ఎదురుగా 192.168.1.5 వంటి అంకె కనిపిస్తుంది. ఫోనులోని లోకల్‌సెండ్‌లో చిరునామా టైపు చేసి పంపే వీలుంది. అక్కడ ఈ అంకె ఇస్తే, పేరు కనిపించని చోట కూడా చాలాసార్లు ఫైలు వెళ్లిపోతుంది.

అలా కూడా వెళ్లకపోతే ముందు విండోస్ ఫైర్‌వాల్‌ను అనుమానించాలి. కొత్త వైఫైలో చేరినప్పుడు విండోస్ మామూలుగా దాన్ని పబ్లిక్ నెట్‌వర్క్‌గా లెక్కిస్తుంది. అంటే రైల్వే స్టేషన్‌లో ఉన్నట్టే భావించి, బయటి నుంచి వచ్చే పిలుపులను లోపలికి రానివ్వదు. ఇంటి వైఫై అయితే సెట్టింగ్స్‌లో ఆ వైఫై వివరాలు తెరిచి `Private network` ఎంచుకోవాలి. లోకల్‌సెండ్ వాడే పోర్టు, అంటే దాని పిలుపులు లోపలికి వచ్చే తలుపు సంఖ్య, 53317. మరో కంపెనీ యాంటీవైరస్ తన సొంత ఫైర్‌వాల్ నడుపుతుంటే అందులోనూ ఈ పోర్టుకు అనుమతి ఇవ్వాలి. ఫైర్‌వాల్‌ను మొత్తంగా ఆపేయమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉంటారు. ఆ సలహా వినకూడదు. ఆపింది మళ్లీ పెట్టడం మరిచిపోతే, ఆ ల్యాప్‌టాప్ రేపు కాలేజీ వైఫైలో తలుపులు తెరుచుకుని కూర్చుంటుంది. ఐఫోనులో అయితే యాప్‌కు లోకల్ నెట్‌వర్క్ అనుమతి ఉందో లేదో చూడాలి. మొదటిసారి అడిగినప్పుడు తెలియక వద్దని నొక్కి ఉంటే తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చుకోవచ్చు. రెండింటిలో ఎక్కడైనా వీపీఎన్ నడుస్తుంటే కాసేపు ఆపి చూడాలి. కొన్ని వీపీఎన్‌లు ఇంటి లోపలి మాటలను కూడా బయటికి మళ్లిస్తాయి, లేదా అడ్డుకుంటాయి.

హాస్టల్, లాడ్జి, ఆఫీసు అతిథుల వైఫై అయితే సంగతి వేరు. అక్కడ వైఫైలో ఉన్నవారు ఒకరి పరికరాన్ని మరొకరు చేరలేకుండా నిర్వాహకులు ముందే విడదీసి ఉంచుతారు. దీన్ని ఏపీ ఐసొలేషన్ లేదా క్లయింట్ ఐసొలేషన్ అంటారు. అందరికీ ఇంటర్నెట్ వస్తుంది, యూట్యూబ్ చక్కగా నడుస్తుంది, పక్క పరికరం మాత్రం దొరకదు. ఇంటి రౌటర్‌లోని గెస్ట్ నెట్‌వర్క్ కూడా చాలావరకు ఇలాగే పనిచేస్తుంది. ఫోను గెస్ట్ పేరుతో, ల్యాప్‌టాప్ అసలు పేరుతో చేరి ఉంటే రెండూ ఒకే రౌటర్ కింద ఉన్నా కలవవు. ఇది ఫైర్‌వాల్ తప్పా, విడదీసిన నెట్‌వర్క్ తప్పా అన్నది తేల్చుకోవడానికి ల్యాప్‌టాప్ నుంచి ఫోనును పిలిచి చూడవచ్చు. ఫోను వైఫై వివరాల్లో దాని చిరునామా ఉంటుంది. అది 192.168.1.7 అనుకుందాం:

```
ping 192.168.1.7
```

ఫోను స్క్రీను వెలిగి ఉండగా ఈ పరీక్ష చేయాలి. `Reply from 192.168.1.7` అని జవాబు వస్తే దారి ఉన్నట్టే, కాబట్టి తప్పు ఫైర్‌వాల్‌దో యాప్ అనుమతులదో అవుతుంది. `Destination host unreachable` అని వస్తే ఫోను చిరునామాకు బదులిచ్చేవారే లేరని అర్థం. చిరునామా తప్పు కాకపోతే రెండింటినీ విడదీసి ఉంచారని అనుకోవచ్చు. ఈ పరీక్షను ఫోను నుంచి ల్యాప్‌టాప్ వైపు చేస్తే మోసపోయే అవకాశం ఉంది. పబ్లిక్ నెట్‌వర్క్‌గా లెక్కించినప్పుడు విండోస్ ఇలాంటి పిలుపులకు బదులివ్వదు. దారి బాగున్నా లేనట్టే కనిపిస్తుంది.

విడదీసిన నెట్‌వర్క్‌ను వాడుకునేవారు మార్చలేరు. దానికి విరుగుడు ఫోనులోనే ఉంది. ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి ల్యాప్‌టాప్‌ను దానికి కలిపితే ఆ రెండింటికీ కొత్తగా ఒక సొంత వైఫై ఏర్పడుతుంది. ఆండ్రాయిడ్ ఫోనులో దీనికి మొబైల్ డేటా అవసరం లేదు. నిజానికి హాట్‌స్పాట్ పెట్టేముందు మొబైల్ డేటా ఆపడమే మంచిది. లేకపోతే ల్యాప్‌టాప్ ఇంటర్నెట్ దొరికింది కదా అని విండోస్ అప్‌డేట్లను ఫోను డేటా మీద దించుకోవడం మొదలుపెట్టవచ్చు. ఈ కొత్త వైఫైని కూడా విండోస్ పబ్లిక్‌గానే లెక్కిస్తుంది కనుక ప్రైవేట్‌గా మార్చడం మరవకూడదు. హాట్‌స్పాట్ దారి హాస్టల్ గదికే పరిమితం కాదు. ఇంట్లో కూడా ఇది చాలాసార్లు రౌటర్ దారికన్నా వేగంగా ఉంటుంది. అదెందుకో తెలియాలంటే గాలిలో ఫైలు ఎలా నడుస్తుందో చూడాలి.

ఫోను పంపిన ప్రతి ముక్కా ముందు రౌటర్‌కు చేరుతుంది, రౌటర్ దాన్ని మళ్లీ ల్యాప్‌టాప్‌కు పంపుతుంది. రెండూ వైఫై మీదే, ఒకే బ్యాండ్‌లో, అంటే ఒకే ఫ్రీక్వెన్సీ శ్రేణిలో ఉంటే ఈ రెండు అంగలూ ఒకే గాలి దారిలో పడతాయి. ఒకే ఛానెల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు. ఫోను మాట్లాడుతున్నప్పుడు రౌటర్ ఆగాలి, రౌటర్ మాట్లాడుతున్నప్పుడు ఫోను ఆగాలి. కాబట్టి వైఫై ఇవ్వగలిగిన వేగంలో సగమే ఫైలుకు దక్కుతుంది. పై అంతస్తులో సిగ్నల్ కోసం రిపీటర్ పెట్టుకున్న ఇళ్లలో ఇంకో అంగ కలుస్తుంది, వేగం మరింత పడిపోతుంది.

ఇప్పుడు మన 8 జీబీ వీడియోతో లెక్క వేద్దాం. వైఫై వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు, ఫైలు పరిమాణాన్ని బైట్లలో చెబుతారు. 1 బైటుకు 8 బిట్లు కనుక 8 జీబీ అంటే సుమారు 64,000 మెగాబిట్లు. పాత 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో రెండు యాంటెన్నాల పరికరానికి తెర మీద 144 ఎంబీపీఎస్ అని కనిపించవచ్చు. అందులో అసలు సరుకుకు దక్కేది సగానికి కాస్త అటూ ఇటూ, 80 అనుకుందాం. రెండు అంగలకు పంచితే 40. అంటే 1,600 సెకన్లు, దాదాపు 27 నిమిషాలు. ఇరుగుపొరుగు వైఫైలు ఎక్కువగా ఉన్న అపార్ట్‌మెంట్‌లో అదీ దక్కకపోవచ్చు. అదే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో తెర మీది వేగం 866 ఎంబీపీఎస్ ఉంటుంది. అదే గదిలో ఉంటే నిజంగా 500 దాకా రావచ్చు, రెండు అంగలకు పంచితే 250. వీడియో నాలుగు నిమిషాల పైచిలుకులో వచ్చేస్తుంది. ఒకే రౌటర్, ఒకే ఫోను, ఒకే ల్యాప్‌టాప్, బ్యాండ్ ఒక్కటే మారింది. చవక ఫోన్లలో ఒకే యాంటెన్నా ఉంటుంది కనుక తెర మీద 433 మాత్రమే కనిపిస్తుంది. అలాంటప్పుడు ఇంకో రెండు మూడు నిమిషాలు పట్టవచ్చు, అయినా 27 నిమిషాలతో పోలికే లేదు.

ల్యాప్‌టాప్ ఏ బ్యాండ్‌లో ఉందో ఇలా తెలుస్తుంది:

```
netsh wlan show interfaces
```

ఇందులో `Channel` ఎదురుగా 1 నుంచి 13 లోపు అంకె ఉంటే సాధారణంగా 2.4 గిగాహెర్ట్జ్ అని, 36 లేదా అంతకన్నా పెద్దదుంటే 5 గిగాహెర్ట్జ్ అని అనుకోవచ్చు. `Receive rate`, `Transmit rate` దగ్గర తెర మీది వేగం ఉంటుంది. ఫోనులో వైఫై పేరు మీద నొక్కితే చాలా మోడళ్లలో ఇదే వివరం కనిపిస్తుంది. చాలా రౌటర్లు రెండు బ్యాండ్లకు రెండు పేర్లు ఇస్తాయి. ఒకదాని చివర 5G అని ఉంటుంది. మొబైల్ కంపెనీల 5జీకీ దీనికీ ఏ సంబంధమూ లేదు, అది 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు గుర్తు మాత్రమే. 4జీ ఫోను కదా, ఇది మనకు పనికిరాదేమో అనుకుని ఆ పేరును ఎన్నడూ ఎంచుకోని ఇళ్లు చాలా ఉన్నాయి. దీనికి ఒక హద్దు ఉంది. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలను దాటడంలో బలహీనం. హాల్లో రౌటర్, రెండు గోడల అవతల పడకగదిలో ల్యాప్‌టాప్ ఉంటే లాభం చాలావరకు ఆవిరవుతుంది. పెద్ద ఫైలు పంపేటప్పుడు రెండింటినీ రౌటర్ ఉన్న గదికే తెచ్చుకోవడం తేలిక.

హాట్‌స్పాట్ ఎందుకు వేగంగా ఉండగలదో ఇప్పుడు తేలికగా తెలుస్తుంది. అక్కడ ఫోనే రౌటర్ పాత్ర వహిస్తుంది, మధ్యలో మూడో మనిషి లేడు, ఒకటే అంగ. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్‌ను 5 గిగాహెర్ట్జ్‌గా ఎంచుకుంటే పై లెక్కలో సగానికి పంచే పని ఉండదు. రెండు అంగల్లో ఒకదాన్ని తగ్గించడానికి ఇంకో దారి ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కు కేబుల్‌తో కలపడం. అప్పుడు గాలిలో ఫోను ఒక్కటే మాట్లాడుతుంది. కేబుల్ పెట్టే చోట గిగాబిట్ పోర్టులున్న రౌటర్ అయితే మన వీడియో రెండు నిమిషాల పైచిలుకులో చేరవచ్చు. ఇక్కడే ఒక గోతి ఉంది. చవక రౌటర్లలో చాలావాటికి 100 ఎంబీపీఎస్ పోర్టులే ఉంటాయి. వాటి మీద నిజంగా దక్కేది 94 దాకానే, అంటే 8 జీబీకి 11 నిమిషాల పైనే. మంచి 5 గిగాహెర్ట్జ్ వైఫైలో నాలుగు నిమిషాల్లో వచ్చేదాన్ని కేబుల్ పెట్టి పదకొండు నిమిషాలు చేసుకున్నట్టవుతుంది. బదిలీ వేగం సెకనుకు 11 ఎంబీ దగ్గర గీత గీసినట్టు నిలబడి అటూ ఇటూ కదలకపోతే, దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్టు ఉందని దాదాపు నమ్మవచ్చు. గాలిలో నడిచే వేగం అంత నిలకడగా ఉండదు, ఎగుడుదిగుడుగా ఊగుతుంటుంది.

సగంలో తెగిపోవడం రెండో పెద్ద బాధ. ఎక్కడ తెగిందన్న దాన్ని బట్టి కారణం చాలావరకు దొరుకుతుంది. ఒకసారి 1.2 జీబీ దగ్గర, ఇంకోసారి 5 జీబీ దగ్గర, ఇలా ప్రతిసారీ వేరే చోట ఆగితే అది వైఫై సిగ్నల్ తప్పో, ఫోను నిద్రపోవడమో అయి ఉంటుంది. స్క్రీను ఆరిపోగానే బ్యాటరీ పొదుపు పేరుతో వెనుక నడిచే యాప్‌ను ఆపేసే ఫోన్లు ఆండ్రాయిడ్‌లో చాలా ఉన్నాయి. ఐఫోనులో యాప్‌ను వదిలి వేరేదానికి వెళితే కాసేపటికి బదిలీ నిలిచిపోతుంది. బదిలీ జరుగుతున్నంతసేపూ ఆ యాప్‌ను తెరిచే ఉంచి, స్క్రీను ఆరకుండా చూసి, ఛార్జర్ పెట్టడమే దీనికి మందు. ల్యాప్‌టాప్ కూడా పది నిమిషాలకు నిద్రపోయేలా పెట్టి ఉంటే దాన్నీ మార్చుకోవాలి.

అలా కాకుండా ప్రతిసారీ 4 జీబీ దాటే చోటే ఆగుతోందంటే వైఫైని తిట్టుకుని లాభం లేదు. ఫైలును దాచుకునే చోటు ఫ్యాట్32 పద్ధతిలో ఉందన్నమాట. ఆ పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీని చేరకూడదు. కచ్చితంగా చెప్పాలంటే 4,29,49,67,295 బైట్లు దాని హద్దు. ల్యాప్‌టాప్ లోపలి డిస్కుకు ఈ సమస్య ఉండదు. వచ్చిన ఫైలు నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి దిగేలా పెట్టినప్పుడో, ల్యాప్‌టాప్ నుంచి ఫోనులోని 32 జీబీ మెమరీ కార్డుకు పంపినప్పుడో ఇది ఎదురవుతుంది. ముందు లోపలి నిల్వలోకి దించుకోవడం ఒక దారి. పెన్‌డ్రైవ్‌ను ఈ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలోకి ఫార్మాట్ చేయడం ఇంకో దారి, కానీ అలా చేస్తే అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి.

ఇలాంటి యాప్‌లతో ఉన్న లోటు, సగంలో తెగిన ఫైలును మళ్లీ మొదటి నుంచి పంపాల్సి రావడం. 8 జీబీకి అది భరించగల నష్టమే. కార్యక్రమం అంతా కలిపి 60 జీబీ ఉన్న ఒకే ఫైలయితే ఓపిక నశిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోను, మ్యాక్ లేదా లినక్స్ ల్యాప్‌టాప్ ఉన్నవారు, కమాండ్లకు బెదరనివారు అయితే అలాంటప్పుడు తెగిన ఫైలును కొనసాగించగల ఆర్‌సింక్ అనే ప్రోగ్రామ్ వాడాలి. ఫోనులో ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ నుంచి కమాండ్లు నడిపే Termux యాప్ పెట్టుకుని అందులో ఇవి ఒకదాని తర్వాత ఒకటి నడపాలి:

```
pkg install openssh rsync
termux-setup-storage
passwd
termux-wake-lock
sshd
```

రెండోది ఫైళ్లు చదివే అనుమతి అడుగుతుంది, మూడోది పాస్‌వర్డు పెడుతుంది, నాలుగోది ఫోను నిద్రపోకుండా చూస్తుంది. తర్వాత ల్యాప్‌టాప్‌లో, ఫోను చిరునామా పెట్టి:

```
rsync -P -e "ssh -p 8022" 192.168.1.7:/sdcard/DCIM/Camera/pelli.mp4 .
```

మధ్యలో తెగితే ఇదే కమాండును మళ్లీ కొడితే చాలు. అప్పటికే వచ్చిన భాగాన్ని సరిచూసుకుని, లేనిదాన్నే తెచ్చుకుంటుంది. పని అయ్యాక ఫోనులో `pkill sshd` అని తలుపు మూసేయాలి, `termux-wake-unlock` అని ఫోనును నిద్రపోనివ్వాలి.

ఫైలు చేరిందని తెర మీద కనిపించాక, ఫోనులో చెరిపేముందు రెండు చోట్లా పరిమాణాన్ని బైట్లలో పోల్చి చూడాలి. లోకల్‌సెండ్ మామూలుగా ఫైలును గుప్తీకరించి పంపుతుంది. అలాంటి దారిలో ముక్క చెడితే కనెక్షనే తెగిపోతుంది, చెడిన ముక్క గుట్టుగా చేరదు. కాబట్టి పరిమాణం బైటుతో సహా సరిపోతే నిశ్చింతగా ఉండవచ్చు. ఐఫోను గ్యాలరీ నుంచి ఎంచుకున్న వీడియో పరిమాణం తేడాగా ఉంటే, పంపేముందు ఫోనే దాన్ని వేరే రూపంలోకి మార్చి ఉండవచ్చు. అసలుదే కావాలంటే ముందు దాన్ని ఫైల్స్ యాప్‌లోకి దాచుకుని అక్కడి నుంచి పంపాలి. వీడియోను తెరిచి చివరి నిమిషానికి జరిపి చూడడం కూడా మంచిదే. ఫోన్లు తీసే ఎంపీ4 వీడియోలలో ఏ దృశ్యం ఎక్కడుందో చెప్పే పట్టిక తరచుగా ఫైలు చివర్లో ఉంటుంది. అందుకే సగం చేరిన వీడియో సగమైనా ఆడదు, అసలు తెరుచుకోదు. పరిమాణం సరిపోయి, చివరి దాకా ఆడితే ఫోనులోది చెరిపేయవచ్చు. అయినా ఫోనులో చోటు వెంటనే ఖాళీ కాదు. చెరిపిన వీడియో ఐఫోనులో ఇటీవల తొలగించినవాటిలో, ఆండ్రాయిడ్‌లో గ్యాలరీ చెత్తబుట్టలో సాధారణంగా 30 రోజులు ఉంటుంది. చోటు ఇప్పుడే కావాలంటే అక్కడికి వెళ్లి మళ్లీ చెరపాలి.